స్టెప్స్ ఎందుకు రాయమంటున్నాను: 8వ తరగతి తల్లిదండ్రులకు లెక్కల టీచర్ లేఖ

8వ తరగతి పిల్లల తల్లిదండ్రులకు,

నమస్కారం.

యూనిట్ టెస్ట్ పేపర్లు ఇంటికి పంపినప్పటి నుంచి మీలో చాలామంది నన్ను ఒకే మాట అడుగుతున్నారు. "జవాబు కరెక్టే కదా, మార్కులు ఎందుకు తగ్గాయి?" ఒకరైతే, "మా వాడు నోటితోనే చేసేస్తాడు, అదంతా రాయమంటే విసుక్కుంటున్నాడు, తెలివైన పిల్లల్ని ఇలా ఎందుకు ఆపుతున్నారు?" అని అడిగారు. అడిగినందుకు సంతోషంగానే ఉంది. డైరీలో రెండు ముక్కలు రాసి సరిపెట్టే విషయం కాదు కాబట్టి ఈ ఉత్తరం కాస్త వివరంగా రాస్తున్నాను.

టెస్టులో ఇచ్చిన ఒక లెక్కతోనే మొదలుపెడతాను:

5x − 3(x − 4) = 20

దీని జవాబు x = 4. తప్పు చేసిన వాళ్లలో ఇద్దరు పిల్లలకు 16 వచ్చింది. జవాబు మాత్రమే చూస్తే ఇద్దరిదీ ఒకే తప్పు. ఇప్పుడు వాళ్లు రాసిన స్టెప్స్ చూడండి.

మొదటి పేపర్:
5x − 3x − 12 = 20
2x = 32
x = 16

రెండో పేపర్:
5x − 3x + 12 = 20
2x = 20 + 12
2x = 32
x = 16

మొదటి పేపర్‌లో బ్రాకెట్ తీసేటప్పుడు పొరపాటు జరిగింది. −3 తో −4 ని గుణిస్తే +12 రావాలి, −12 వేశారు. రెండో పేపర్‌లో బ్రాకెట్ చక్కగా తీశారు, కానీ 12 ని అవతలి వైపుకు తీసుకెళ్లేటప్పుడు గుర్తు మార్చలేదు. మొదటి పేపర్ రాసిన వాళ్లకు రుణ సంఖ్యల గుణకారం మళ్లీ చెప్పాలి. రెండో వాళ్లకు సమీకరణంలో రెండు వైపులా ఒకే పని చేయాలన్న సంగతి మళ్లీ చెప్పాలి. ఇద్దరూ వట్టి "16" అని రాసి ఊరుకుని ఉంటే నేను ఇద్దరికీ ఒకే పాఠం చెప్పేదాన్ని, అందులో ఒకరికి అది అక్కరకు రాని పాఠం అయ్యేది. ఆ బిడ్డ నోరు మెదపకుండా కూర్చుని విని, మళ్లీ అదే తప్పు చేసేది. "నాకు లెక్కలు రావు" అనే మాట చాలామంది పిల్లల్లో ఇలాగే మొదలవుతుందని నా నమ్మకం. వాళ్లకు రానిది ఒక్క స్టెప్పే అయినా, అది ఏదో ఎవరూ వేలు పెట్టి చూపించకపోతే మొత్తం సబ్జెక్టే రాదనుకుంటారు.

జవాబు తప్పయితే సరే, కరెక్టుగా వచ్చినప్పుడు కూడా ఎందుకు రాయాలి? మీ అసలు ప్రశ్న ఇదే. 16/64 అనే భిన్నాన్ని తీసుకోండి. పైన ఉన్న 6, కింద ఉన్న 6 కొట్టేస్తే 1/4 మిగులుతుంది. నిజానికి 16/64 విలువ కూడా 1/4 యే. జవాబు నూటికి నూరు శాతం కరెక్టు, చేసిన పద్ధతి మాత్రం పూర్తిగా తప్పు. అదే పద్ధతిలో 19/95 లో 9 లు కొట్టేసినా 1/5 సరిగ్గానే వస్తుంది. కానీ 13/36 లో 3 లు కొట్టేస్తే 1/6 వస్తుంది, అది తప్పు. పద్ధతి రాయకుండా జవాబు మాత్రమే రాసే బిడ్డకు మొదటి రెండింటికీ టిక్కు పడుతుంది, తను చేస్తున్నది సరైనదేనన్న ధైర్యం కూడా వస్తుంది. ఇంకో ఏడాదికి (x + 3)/3 అని చూడగానే 3 లు కొట్టేసి x అని రాస్తుంది. అప్పుడు ఆ అలవాటు మాన్పించడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఇలాంటి తప్పు కాగితం మీద కనబడితే చిన్నగా ఉన్నప్పుడే సరిచేయగలను.

ఇక చకచకా నోటితో చేసే పిల్లల సంగతి. ఆ వేగం నాకూ ఇష్టమే, దాన్ని తగ్గించాలని నాకు లేదు. కానీ పై లెక్కలో 20 బదులు 21 ఉందనుకోండి. 1, 2, 3, 4 అంటూ ఒక్కో సంఖ్యా వేసి చూసుకుంటూ పోయే బిడ్డ అక్కడ ఆగిపోతుంది, ఎందుకంటే జవాబు 9/2. ఏడో తరగతి వరకు ఇచ్చే సంఖ్యలు చిన్నవి కాబట్టి మనసులో పట్టుకోవచ్చు. ఈ ఏడాది నుంచి ఒక్కో లెక్కలో ఐదారు విషయాలు ఒకేసారి గుర్తుంచుకోవాల్సి వస్తుంది. ఎంత చురుకైన వాళ్లకైనా మనసులో ఒకేసారి నిలిచేవి కొన్నే. మిగతావి కాగితం మీద పెట్టేస్తే, బుర్ర తర్వాతి స్టెప్ గురించి ఆలోచించడానికి ఖాళీగా ఉంటుంది. చురుకైన పిల్లలే తొమ్మిది, పది తరగతుల్లో ఒక్కసారిగా తడబడటం నేను చూస్తూనే ఉన్నాను. వాళ్లకు తెలివి తగ్గి కాదు, రాసే అలవాటు లేక.

రామానుజన్ సంగతేమిటి అని ఒక తండ్రి అడిగారు. మంచి ప్రశ్న. రామానుజన్ తన నోట్‌బుక్కుల్లో ఎక్కువగా ఫలితాలే రాసుకున్నారు, అవి ఎలా వచ్చాయో రాయలేదు. కాగితం కొనడం భారమై పలక మీద లెక్క చేసి, తుడిచేసి, తేలినదాన్ని మాత్రమే నోట్‌బుక్కులోకి ఎక్కించుకునేవారు. 1913 లో ఆయన పంపిన ఉత్తరం చూసి అబ్బురపడ్డ ఇంగ్లండ్ గణిత శాస్త్రవేత్త హార్డీ కూడా మొదట అడిగింది నిరూపణలే. ఆ ఉత్తరాల్లో ప్రధాన సంఖ్యల గురించి రాసిన కొన్ని మాటలు తప్పని తర్వాత తేలింది. మిగిలిన ఫలితాల్లో అత్యధికం అద్భుతంగా నిలబడ్డాయి. కానీ ఆ నోట్‌బుక్కుల్లోని ఒక్కో ఫలితానికీ నిరూపణ సమకూర్చే పని ఆయన పోయిన ఎన్నో దశాబ్దాలకు గానీ పూర్తి కాలేదు. అమెరికా గణిత శాస్త్రవేత్త బ్రూస్ బెర్న్ట్ 1985 నుంచి 1998 దాకా ఐదు సంపుటాలుగా ఆ పని వెలువరించారు. అంత గొప్ప మేధావి రాసుకున్నవాటికే దారి వెతుక్కోవడానికి అంత కాలం పట్టింది. ఆ స్టెప్స్ కూడా మనకు దక్కి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

స్టెప్స్ అంటే పేజీలు నింపమని కాదు. ఇక్కడ పిల్లల్లో కూడా అపోహ ఉంది. 7 × 8 = 56 ఎలా వచ్చిందో నాకు చూపించక్కర్లేదు. ఎక్కాలు, చిన్న కూడికలు మనసులోనే చేసుకోవచ్చు. నాకు కావాల్సింది మలుపు తిరిగిన చోట్లు: మాటల్లో ఇచ్చిన లెక్కలో దేన్ని x అనుకున్నారు, ఏ సమీకరణం రాశారు, బ్రాకెట్ తీశాక ఏం వచ్చింది, ఏ సూత్రం వాడారు. క్లాసులో పక్కన కూర్చున్న స్నేహితులు ఆ పేజీ చూసి, నోరు విప్పి అడగకుండానే అర్థం చేసుకోగలిగితే చాలు. నేను చెప్పిన పద్ధతే వాడాలని కూడా లేదు. మీరు ఇంట్లో నేర్పిన పద్ధతైనా, బిడ్డ సొంతంగా కనిపెట్టినదైనా, అంకెలు వేసి చూసి పట్టుకున్నదైనా సరే. "1, 2, 3 వేసి చూశాను, సరిపోలేదు. 4 వేస్తే 20 − 0 = 20 వచ్చింది" అని రాస్తే అది కూడా నాకు స్టెప్పే.

ఒక్క విషయంలో మాత్రం పట్టుదలగా ఉంటాను. సమానం గుర్తు. చాలా నోట్‌బుక్కుల్లో ఇలా కనిపిస్తోంది:

12 + 8 = 20 × 3 = 60 − 10 = 50

బిడ్డ మనసులో ఉన్నది అర్థమవుతూనే ఉంది, చివరి జవాబూ సరైనదే. కానీ రాసినదాన్ని ఉన్నదున్నట్టు చదివితే 12 + 8 కి 50 కి తేడా లేదని అర్థం. సమానం గుర్తు "ఇక జవాబు వస్తోంది" అని చెప్పే గుర్తు అనుకునే పిల్లలకు సమీకరణం అసలు తలకెక్కదు, రెండు వైపులా ఒకే విలువ ఉండటమే సమీకరణం కాబట్టి. అందుకే ఒక్కో పనికి ఒక్కో లైను రాయమంటున్నాను:

12 + 8 = 20
20 × 3 = 60
60 − 10 = 50

మార్కుల విషయం కూడా స్పష్టంగా చెప్పేస్తాను. 5 మార్కుల లెక్కలో సమీకరణం సరిగ్గా రాస్తే 1, మధ్య స్టెప్స్‌కి 3, జవాబుకి 1. ఎక్కడో ఒకచోట కూడికలో పొరపాటు చేసి, మిగతాదంతా పద్ధతిగా చేసిన బిడ్డకు 4 వస్తాయి. ఆ తప్పు అంకెతోనే తర్వాతి స్టెప్స్ సరిగ్గా చేసుకుంటూ వెళితే వాటికి మళ్లీ మళ్లీ కోత పెట్టను. వట్టి జవాబు, అదీ సరైనది అయితే 1. వట్టి జవాబు రాసి అది తప్పయితే నేను ఇవ్వగలిగింది ఏమీ లేదు. ఇది శిక్ష అనుకోకండి. పరీక్ష టెన్షన్‌లో ఎవరైనా ఒక గుర్తు తప్పు వేస్తారు, అలాంటప్పుడు ఈ స్టెప్సే వాళ్లను కాపాడతాయి. ఒక మార్కు బిట్లకు స్టెప్స్ అవసరం లేదు.

ఇంట్లో మీరు చేయగలిగింది కొంత ఉంది. దానికి మీకు లెక్కలు రానక్కర్లేదు. హోంవర్క్ అయ్యాక "ఎంత వచ్చింది?" అని అడిగే బదులు "ఎలా చేశావో చెప్పు" అనండి. మీకు అర్థం కాని చోట ఆపి, "ఇది ఇక్కడికి ఎలా వచ్చింది?" అని అడగండి. చెబుతూ చెబుతూ వాళ్లే తమ తప్పు పట్టుకుంటారు. మీరు పెన్సిల్ తీసుకుని చేసి చూపించాలనిపిస్తుంది, అది మాత్రం వద్దు. తప్పు పోయిన స్టెప్‌ను రబ్బరుతో చెరిపేయనివ్వకండి. ఒక గీత కొట్టి పక్కన మళ్లీ రాయమనండి, ఆ కొట్టేసినదే నాకు చాలా విషయాలు చెబుతుంది. నోట్‌బుక్కు కొట్టివేతలతో నిండి ఉందని దయచేసి కోప్పడకండి. నీటుగా ఉండాలన్న భయంతో పిల్లలు వేరే కాగితం మీద చేసి, పారేసి, జవాబు మాత్రమే నోట్‌బుక్కులో ఎక్కిస్తున్నారు. రఫ్ వర్క్ కూడా అదే పేజీలో కుడివైపు మార్జిన్ గీసి అక్కడ చేయమని చెప్పాను.

కొందరు పిల్లలకు ఆలోచన ముందు పరిగెడుతుంది, చేయి అంత వేగంగా సాగదు. ఇంకొందరికి రాయడమే కష్టం. మీ బిడ్డ విషయంలో అలా అనిపిస్తే నాకు తప్పకుండా చెప్పండి. వాళ్లు నా దగ్గర కూర్చుని స్టెప్స్ నోటితో చెబితే నేనే రాసుకుంటాను, ఆ మార్కులు వాళ్లకు ఇస్తాను. కొన్నాళ్ల తర్వాత నెమ్మదిగా రాతలోకి తీసుకువద్దాం.

మొన్నటి టెస్టులో స్టెప్స్ లేక మార్కులు పోయిన పిల్లలు ఆ లెక్కల్ని ఇంట్లో స్టెప్స్‌తో మళ్లీ చేసి వచ్చే సోమవారం తీసుకురావచ్చు. తగ్గిన మార్కుల్లో సగం కలుపుతాను. వచ్చే గురువారం సాయంత్రం బడి వదిలాక గంటసేపు 8వ తరగతి గదిలోనే ఉంటాను. మాట్లాడాలనుకున్నవాళ్లు పేపర్, నోట్‌బుక్కు రెండూ తీసుకుని రండి. వీలైతే బిడ్డను కూడా వెంట తీసుకురండి, ముగ్గురం కలిసి ఒక లెక్క చూద్దాం.

ఇట్లు,
మీ పిల్లల లెక్కల టీచర్
8వ తరగతి