బీర ప్యాకెట్ మీద రాసింది, తెలుగుల

వదినా,

పొద్దున నువ్వు పంపిన మూడు ఫోటోలు చూసిన. ముందుగాల ఒక మాట. అవి దొండ విత్తనాలు కావు, బీర. ప్యాకెట్ మీద 'దోడకా' అని ఉన్నది. చదువుతుంటే దొండకాయ లెక్కనే వినబడుతది గనీ, మరాఠీల దోడకా అంటే మన బీరకాయ. దొండకాయను వాళ్లు 'తోండలీ' అంటరు. దొండకు ఎవ్వరూ విత్తనం పెట్టరు, తీగ ముక్క తెచ్చి నాటుతరు. అన్న పాతిన గుంజలు మాత్రం పీకకుండ్రి. బీరకు కూడా పందిరి కావాలె.

'సాలుకు సాలుకు 9.5 మీటర్లట, మన దొడ్డి మొత్తం కూడా అంత లేదు' అని రాసినవు. అది తొమ్మిదిన్నర కాదు, ఒకటిన్నర. మరాఠీ ఒకటి అంకె మనకు అలవాటైన తొమ్మిది లెక్కనే కనబడుతది. మంథని నుంచి వచ్చి రెండేండ్లు కాలేదు, ఆ అక్షరాలు నీకు కొత్త. నేను సిరొంచల పదేండ్లు మరాఠీ బడిల చదివిన, అందుకే గుర్తు పడుతున్న.

ప్యాకెట్ మీద ఉన్నది ఉన్నట్టు కింద రాస్తున్న. దాని పక్కన నాకు తెలిసింది కూడా రాస్తున్న, రెండూ కలిపి చదువు.

ముందు వైపు

"దోడకా (బీర). రకం: పూసా నస్దార్. మెరుగు రకం. నికర బరువు 10 గ్రాములు."

'సుధారిత్' అంటే మెరుగు రకం. హైబ్రిడ్ అయితే 'సంకరిత్' అని ఉంటది. ఇది హైబ్రిడ్ కాదు కాబట్టి ఒక మంచి కాయను తీగ మీదనే ఎండబెట్టి, వచ్చే ఏడాదికి విత్తనం తీసుకోవచ్చు. పక్కింటోళ్లు వేరే రకం బీర పెడితే మాత్రం తేనెటీగలు పుప్పొడి కలుపుతయి, విత్తనం కలగాపులగం అయితది.

వెనుక వైపు

"హంగామ్ (కాలం): వానకాలం పంట, జూన్–జులై. మృగ నక్షత్రం వాన పడి, నేల పదునుకు వచ్చినంక విత్తాలె. ఎండకాలం పంట, జనవరి–ఫిబ్రవరి."

వదినా, ప్యాకెట్ మొత్తంల నువ్వు బాగా పట్టుకోవాల్సింది ఈ వాక్యమే. వాళ్లు 'మృగ' అన్నది మన మృగశిర కార్తె. సూర్యుడు అదే నక్షత్రంలకు వస్తడు, జూన్ 8 దగ్గర్ల. మనం చేపలు తినే రోజునే అక్కడి రైతులు విత్తనాల సంచి దించుతరు. ఇయ్యాల మే 28, రోహిణి కార్తె నడుస్తున్నది. రోళ్లు పగిలే ఎండ అని అమ్మ అంటది కదా, అట్లాంటి నేలల ఇప్పుడు విత్తనం పెట్టి బిందెలతోటి నీళ్లు పోస్తే పైపైన తడుస్తది, లోపల కుంపటి లెక్క ఉంటది. మొలక వచ్చినా వడలిపోతది. నీకు ఆత్రం ఉన్నదని తెలుసు, మొన్న ఫోన్ల 'రేపే పెడత' అన్నవు. ఒక్క పది పన్నెండు రోజులు ఆగు.

'వాఫసా' అని ఇంకో మాట ఉన్నది అందులనే. దాన్ని నేను 'పదును' అని రాసిన. వాన పడంగనే కాదు, వాన వెలిసి, నీళ్లు ఇంకి, మట్టి గుప్పెట్ల పట్టి పిసికితే ముద్ద కట్టి, బొటనవేలుతోటి నొక్కితే పొడిపొడిగ రాలాలె. చేతికి బంక లెక్క అంటుకుంటే ఇంకా పదును రాలేదన్నట్టు. మన దొడ్డిది నల్లమట్టి. పెద్ద వాన పడితే మూడు రోజులు కాలు కూరుకుపోతది, అప్పుడు విత్తనం పెడితే కుళ్లుతది.

"విత్తే లోతు: 2 తే 2.5 సెం.మీ."

రెండో ఫోటోల ఈ లైను మీద మడత పడ్డది, '25' లెక్క కనబడ్డది. పెద్దది చేసి చూస్తే మధ్యల చుక్క ఉన్నది. 'తే' అంటే 'నుంచి', అంటే రెండు నుంచి రెండున్నర సెంటీమీటర్లు. చూపుడువేలు మొదటి కణుపు దాకా దిగితే అంతే లోతు. నల్లమట్టికి నేనైతే రెండు సెంటీమీటర్లతోటే ఆపుత. ఎందుకంటే వాన పడి ఎండ కొడితే పైన పెచ్చు కడుతది, దాన్ని చీల్చుకొని రావడం మొలకకు కష్టం. గుంతను తీసిన మట్టితోటి పూడ్చకు. బాగా మాగిన పేడ ఎరువు, ఇసుక సగం సగం కలిపి దానితోటి కప్పు. పైన తొక్కొద్దు, అరచేతితోటి మెల్లగ అదుమితే చాలు.

"దూరం: రెండు సాళ్ల మధ్య 1.5 మీటర్లు, రెండు మొక్కల మధ్య 60 సెం.మీ. ఒక్కో చోట 2 విత్తనాలు గుచ్చి పెట్టాలె, మొలిచినంక ఒక్క మంచి మొక్కను ఉంచాలె."

ఒకటిన్నర మీటరంటే ఐదు ఫీట్లు. అది చేనుకు చెప్పిన లెక్క, ఎడ్లు, మనుషులు తిరగనీకి. నీ దొడ్డిల గోడ పొంటి ఒక్కటే సాలు, కాబట్టి ఆ అంకెతోటి నీకు పని లేదు. నీకు కావాల్సింది 60 సెంటీమీటర్లు, అంటే రెండు ఫీట్లు. అన్న టేపుతోటి గోడ 12 ఫీట్లు అన్నడు. ఆ పొడుగుల ఆరు పాదులు పడుతయి, అటు చివర ఇటు చివర ఒక్కో ఫీటు వదులు. గోడకు మరీ ఆనించకు, ఒక ఫీటు ఇవతలికి పెట్టు, పగలంతా కాలిన గోడ సెగ మొక్కకు తగలొద్దు. ఆరు పాదులకు పన్నెండు విత్తనాలు. మిగిలినవి ప్యాకెట్లనే మూతి మడిచి, డబ్బాల పెట్టి, పొయ్యికి దూరంగ అల్మారల ఉంచు. మొదటి విడతల ఏ పాదుల మొలవకపోతే అరుద్ర కార్తెల మళ్లీ పెట్టుకోవచ్చు.

రెండు మొలిచిన చోట ఒకటి తీసేయాలంటే నీకు మనసొప్పదు. కానీ రెండూ ఉంచితే రెండూ సన్నగ సాగుతయి. వేరుతోటి పీకితే పక్కదాని వేరు కదులుతది, కత్తెరతోటి మొదట్ల కత్తిరించు.

"మొలకెత్తే రోజులు: 6 నుంచి 10. మొలక శాతం: కనీసం 60."

ఈ రెండూ కలిపి అర్థం చేసుకోవాలె. పదిల కనీసం ఆరు మొలుస్తయని కంపెనీ మాట ఇస్తున్నది, పదికి పది కాదు. తీగ జాతి కూరగాయలకు విత్తన ప్రమాణం అంతే. రెండేసి పెట్టమనేది అందుకే. ఆరో రోజు రాలేదని మట్టి తవ్వి చూడకు. పోయిన ఏడాది మెంతికూరకు అట్లనే చేసి సగం పాడు చేసినవు, గుర్తున్నదా? పదో రోజు దాకా ఆగు. మొలక వచ్చేటప్పుడు నల్ల తోలు టోపీ లెక్క నెత్తి మీద ఉంటది, దాన్ని గోటితోటి తీయకు. పొద్దుపొద్దున ఇన్ని నీళ్లు చిలకరిస్తే మెత్తబడి అదే ఊడుతది.

"హెచ్చరిక: విత్తనానికి మందు పట్టించి ఉన్నది. విషం. తినడానికి, పశువులకు, కోళ్లకు పెట్టడానికి వాడొద్దు."

ఇది ఎర్ర డబ్బాల రాసి ఉన్నది, మూడో ఫోటోల. విత్తనం గులాబీ రంగుల ఉండేది అందుకే, అది విత్తనం అసలు రంగు కాదు. శిలీంద్రం పట్టకుండా వేసిన మందు. నువ్వు ఎప్పుడూ బీర విత్తనాలు రాత్రంతా నానబెడతవు. వీటిని నానబెట్టకు, మందు నీళ్లల కలిసిపోతది, ఆ గిన్నె మళ్లీ వంటింట్లకు వస్తది. చేతికి ప్లాస్టిక్ కవర్ తొడుక్కొని పెట్టు, అయినంక సబ్బుతోటి కడుక్కో. బుజ్జిగాడు రంగు చూసి నోట్ల పెట్టుకుంటడు, వాడు పడుకున్నప్పుడు ఈ పని చెయ్. కోళ్లు కెలకకుండా పాదుల మీద తుమ్మ కంప వెయ్.

"ఎరువు: హెక్టారుకు 15 టన్నుల పేడ ఎరువు. విత్తనం: హెక్టారుకు 2.5 కిలోలు."

హెక్టారుకు వంద గుంటలు అనుకో. అంటే గుంటకు 150 కిలోల ఎరువు, 25 గ్రాముల విత్తనం. నీకు గుంట కూడా లేదు. ఒక్కో పాదుకు మూడు నాలుగు చారెడ్లు మాగిన ఎరువు కలుపు, చాలు. పచ్చి పేడ వేయకు.

"మొదటి కోత: విత్తిన 45 నుంచి 50 రోజులకు. లేత కాయలను 3–4 రోజులకు ఒకసారి కోయాలె."

జూన్ 10న పెడితే జులై ఆఖరికి మొదటి కాయ. ముందుగాల వచ్చే పూలన్నీ మగ పూలే, కాయ లేకుండా రాలిపోతయి, దానికి భయపడకు. ఆడ పువ్వు వెనుక వేలంత చిన్న బీరకాయ ఉంటది, చూడంగనే తెలుస్తది. బీర పువ్వు సాయంత్రం విచ్చుతది. పిందెలు పండుబారి రాలుతుంటే ఆ వేళకే ఒక మగ పువ్వు తెంపి, రేకులు తీసేసి, ఆడ పువ్వు నడుమ మెత్తగ అద్దు.

ప్యాకెట్ మీద లేని సంగతి ఒకటి. మొలిచిన మొదటి రెండు ఆకులను ఎర్రగుండే పెంకు పురుగు జల్లెడ లెక్క తింటది. పొద్దున మంచుకు అది చురుకుగ ఎగరదు, అప్పుడు ఏరి సబ్బు నీళ్లల వెయ్. ఆకుల మీద కట్టెల బూడిద చల్లినా కొంత ఆగుతది. నాలుగైదు ఆకులు వచ్చినంక అది అంత నష్టం చేయలేదు.

చివరి లైను: "పరీక్షించిన తేది 12-11-2025. గడువు 11-08-2026."

గడువు ఆగస్టు దాకనే, కాబట్టి మిగిలిన విత్తనాలను జనవరి పంటకు దాచిపెట్టి పూర్తిగ నమ్ముకోకు. అప్పుడు పెట్టాలనుకుంటే ముందు పది విత్తనాలు తడి గుడ్డల చుట్టి, ఎన్ని మొలకెత్తుతయో చూసి లెక్క వేసుకో. ప్యాకెట్‌ను పై అంచున చింపకు, లాట్ నంబరు, ఈ తేదీలు అక్కడనే ఉన్నయి. కింది అంచు కత్తిరించు. మొత్తానికి మొలవకపోతే దుకాణపాయన ముందల ఆ నంబరే అడుగుతడు, బిల్లు కూడా దాంట్లనే మడిచి పెట్టు.

మృగశిర వాన పడ్డ రోజు ఒక ఫోన్ చెయ్. పదును వచ్చిందో లేదో మట్టి పిసికి చెప్పు, నేను ఇక్కడ బల్లార్షా నుంచి వింట.

మీ ఆడబిడ్డ