గరగరలో మునిగిన ఫిర్యాదు: 1912 ఆపరేటర్ కాల్ స్క్రిప్టు

సందర్భం: సాయంత్రం 6:40, గాలివాన ఇప్పుడే వెలిసింది. రైతు పొలం గట్టు మీద నుంచి చేస్తున్నాడు. ఫోన్‌లో సిగ్నల్ ఒక్క గీతే.

ఆపరేటర్: నమస్కారమండీ, 1912 కరెంటు ఫిర్యాదులు. చెప్పండి.

రైతు: మేడం, మా పొలం కాడ తీగ [గరగర]... బర్రె [గాలి హోరు]... జల్ది పంపియ్యుండ్రి!

ఆపరేటర్: మాట మధ్యలో పోతోందండీ. "పొలం కాడ", "తీగ", "బర్రె", "జల్ది పంపియ్యుండ్రి", ఈ నాలుగూ వినిపించాయి. తీగ ఏమైందో వినపడలేదు. ముందు ఇది చెప్పండి, ఆ తీగకు మీరు ఎంత దూరంలో ఉన్నారు?

*(వినిపించిన మాటల్ని రైతు అన్నట్టే అప్పజెప్పాలి. "తీగ తెగిపడిందా?" అని మనమే అందించకూడదు. కంగారులో ఉన్న మనిషి దేనికైనా "ఆ" అంటాడు. పైగా గరగరలో "ఆ"కి, "ఆఁ? ఏంది?"కి తేడా తెలియదు.)*

రైతు: [గరగర]... గజాలు.

ఆపరేటర్: "గజాలు" విన్నాను, ఎన్నో వినపడలేదు. ఎంతైనా సరే, ఇంకా వెనక్కి జరగండి. కనీసం 10 మీటర్లు. పెద్ద అంగలు వేయొద్దు, పాదాలు దగ్గరగా పెట్టి చిన్నగా జరగండి. ఫోన్ పెట్టేయకండి. గాలికి వీపు తిప్పి, స్పీకర్ తీసేసి ఫోన్ చెవికి ఆనించుకోండి.

*(సమస్య పూర్తిగా తెలిసేదాకా ఆగొద్దు. "తీగ", "బర్రె" అన్న రెండు మాటలు చాలు దూరం జరగమనడానికి. తీగ నుంచి కరెంటు తడినేలలో నలువైపులా పాకుతుంది. రెండు పాదాల మధ్య ఎడం పెరిగేకొద్దీ షాకు పెరుగుతుంది. బర్రె ముందుకాళ్లకీ వెనకకాళ్లకీ ఎడం ఎక్కువ, అందుకే అది ముందు పడుతుంది.)*

రైతు: జరిగిన మేడం. తీగ [గరగర]... ది.

ఆపరేటర్: "తీగ" తర్వాత మాటలో చివరి "ది" ఒక్కటే వినిపించింది. ఇప్పుడు తీగ ఎక్కడుంది, కిందనా, పైనా? ఒక్క మాటే, రెండుసార్లు చెప్పండి.

*("తెగింది", "తగిలింది" ఇక్కడ ఒకేలా వినిపిస్తాయి. అదే మాట మళ్లీ అడిగితే గరగర మళ్లీ అక్కడే మింగేస్తుంది, అందుకే ప్రశ్న మార్చాలి.)*

రైతు: కింద. కింద. బురదల ఉన్నది. బర్రె పడిపోయింది, మా పిల్లగాడు కట్టె [గరగర]...

ఆపరేటర్: ఆగండి! "పిల్లగాడు", "కట్టె" వినిపించాయి. కట్టెతో ఎవరూ తీగ జరపొద్దు, తడి కట్టెలో కరెంటు పారుతుంది. బర్రె దగ్గరికి కూడా పోవద్దు. పిల్లగాణ్ని ఇప్పుడే వెనక్కి పిలవండి. వచ్చాక నాకు చెప్పండి.

రైతు: ...వచ్చిండు మేడం. నా పక్కనే ఉన్నడు.

ఆపరేటర్: మంచిది. మీ ఫోన్ నంబరు మీద కొత్తపల్లి పంపుసెట్టు సర్వీసు కనిపిస్తోంది. తీగ పడింది అక్కడేనా? దగ్గరి స్తంభం నంబరు తెలుసా? దగ్గరికి పోయి చూడొద్దు.

రైతు: కొత్తపల్లే. చెరువు కట్ట దాటినంక... డెబ్బై [గరగర].

ఆపరేటర్: కొత్తపల్లి, చెరువు కట్ట దాటాక. "డెబ్బై" దగ్గర ఆగిపోయింది. అంకెలు విడివిడిగా చెప్పండి.

రైతు: ఏడు. నాలుగు.

ఆపరేటర్: ఏడు, నాలుగు. 74. లైన్‌లోనే ఉండండి, సబ్‌స్టేషన్‌కి చెప్తున్నాను. కట్ అయితే ఇదే నంబరుకు నేనే చేస్తాను.

*(రెండో ఫోన్‌లో సబ్‌స్టేషన్‌కి)*

ఆపరేటర్: కొత్తపల్లి వ్యవసాయ ఫీడర్ వెంటనే ఆపండి. రైతు నోట విన్నది: తీగ కింద బురదలో ఉంది, బర్రె పడిపోయింది, చెరువు కట్ట దాటాక, స్తంభం 74. వినపడనిది: తెగిందో, వేలాడి కిందికి దిగిందో. 11 కేవీనా, ఎల్‌టీనా తెలియదు.

సబ్‌స్టేషన్: ఫీడర్ ట్రిప్ కాలేదే. ఆంపియర్లు మామూలుగానే ఉన్నాయి.

ఆపరేటర్: ట్రిప్ కాకపోయినా ఆపండి. లైన్‌మన్ చూసి చెప్పేదాకా మళ్లీ ఛార్జ్ వేయొద్దు.

*(నేల మీద పడ్డ తీగలో కరెంటు, లైనును దానంతటదే ఆపించే రిలే పట్టుకునేంత రాకపోవచ్చు. మీటరు మామూలుగా ఉందంటే లైను బాగుందని కాదు.)*

సబ్‌స్టేషన్: బ్రేకర్ తీశా. టైము 6:47.

*(మళ్లీ రైతుతో)*

ఆపరేటర్: అండీ, కరెంటు ఆపించాము. అయినా తీగ ముట్టుకోవద్దు. లైన్‌మన్ వచ్చి, ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ అనుమతి తీసుకుని, తీగకు ఎర్త్ కట్టేదాకా ఎవర్నీ ఆ వైపు రానివ్వకండి. ఇప్పుడు నేను చెప్పింది మీరు నాకు మళ్లీ చెప్పండి.

రైతు: లైన్‌మన్ వచ్చి ఎర్త్ కట్టేదాకా ఎవర్నీ పోనియ్య.

ఆపరేటర్: అదే. మొత్తం వినిపించింది.