అద్దె ఒప్పందం, 7వ నిబంధన: నిర్వహణ, మరమ్మతులు, బిల్లులు ఎవరు కట్టాలి

శ్రీకాకుళం పట్టణం బలగలో ఉన్న మా ఇంటి మేడ మీద పోర్షన్‌ను నెలకు 9,000 రూపాయల అద్దెకు, 18,000 రూపాయల అడ్వాన్సుకు, 2025 జూన్ 1 నుంచి 2026 ఏప్రిల్ 30 వరకు 11 నెలలకు ఇస్తూ రాసుకున్న ఒప్పందంలో ఇది 7వ నిబంధన. ఇందులో "నేను" అంటే కింద పోర్షన్‌లో ఉంటున్న ఇంటి యజమానిని. "మీరు" అంటే మేడ మీదికి అద్దెకు వస్తున్న మీరూ, మీ కుటుంబమూ.

ఈ ఒక్క నిబంధన ఇంత పొడుగ్గా ఎందుకు రాశానో ముందే చెబుతాను. ఇంతకు ముందున్నవారితో నేను రాసుకున్న కాగితంలో "చిన్న చిన్న మరమ్మతులు అద్దెకున్నవారే చేయించుకోవాలి" అన్న ఒకే ఒక్క వాక్యం ఉండేది. మోటారు కాలిపోయింది. రీవైండింగు చిన్న మరమ్మతా, పెద్ద మరమ్మతా? నాకు చిన్నదిగా కనిపించింది, వాళ్లకు పెద్దదిగా కనిపించింది. ఆ డబ్బు నేను వాళ్ల అడ్వాన్సులో పట్టుకున్నాను. నాలుగేళ్లు మా ఇంట్లో ఉండి, పండక్కి పిండివంటలు ఇచ్చిపుచ్చుకున్న కుటుంబం చివరి రోజున మాట్లాడకుండా వెళ్లిపోయింది. తప్పు నాది. అందుకని ఈసారి ప్రతి వస్తువూ పేరు పెట్టి రాస్తున్నాను.

7.1 కరెంటు బిల్లు. మేడ మీద పోర్షన్‌కు విడిగా సర్వీసు, విడిగా మీటరు ఉన్నాయి. మీరు ఇంట్లో చేరే రోజు మీటరు రీడింగు 8,412. అక్కడి నుంచి వాడిన ప్రతి యూనిట్‌కూ బిల్లు మీదే. గడువు తేదీలోగా కట్టి, కట్టిన రసీదు ఫొటో నాకు వాట్సాప్‌లో పంపాలి. సర్వీసు నా పేరు మీద ఉంది కాబట్టి బకాయి పడితే లైన్‌మన్ వచ్చేది నా గుమ్మంలోకే. ఆలస్య రుసుము, కట్ చేశాక మళ్లీ కనెక్షన్ ఇచ్చే ఛార్జీ పడితే అవీ మీరే కట్టాలి.

బిల్లులో ఇంకో రెండు రకాల మొత్తాలు వస్తుంటాయి, వాటి దగ్గరే ఎక్కువ గొడవలు. మొదటిది ట్రూ అప్, ఇంధన సర్దుబాటు ఛార్జీలు. ఇవి ఒక్కోసారి ఎప్పుడో వెనకటి నెలల వాడకం మీద ఇప్పుడు వేస్తారు. 2025 జూన్‌కు ముందు వాడకానికి సంబంధించి ఏ సర్దుబాటు వచ్చినా అది నాది. మీరు బిల్లు మొత్తం కట్టేసి, ఆ భాగం వచ్చే నెల అద్దెలో తగ్గించుకోవచ్చు. జూన్ 1 నుంచి వాడకానిదైతే మీది. మీరు ఖాళీ చేసి వెళ్లిపోయాక వచ్చే సర్దుబాటు కోసం మీకు ఫోన్ చేయను, అది నేనే భరిస్తాను.

రెండోది అదనపు డిపాజిట్. వాడకం పెరిగిందని కరెంటు సంస్థ డిపాజిట్ పెంచమని నోటీసు ఇస్తే అది నేనే కడతాను. ఎందుకంటే ఆ డబ్బు సర్వీసు పేరు మీదే జమై ఉంటుంది, దాని మీద వడ్డీ వచ్చినా ఈ సర్వీసుకే వస్తుంది. అది మీ చేత కట్టించడం న్యాయం కాదు.

7.2 మోటారు. బోరు మోటారు నా మీటరు మీద నడుస్తుంది, నీళ్లు మాత్రం రెండు పోర్షన్లకూ ఎక్కుతాయి. మోటారుకు విడిగా సబ్ మీటరు పెట్టించాను, నేటి రీడింగు 1,065. నెలనెలా నా బిల్లు మొత్తాన్ని నా యూనిట్లతో భాగిస్తే ఆ నెల సగటు రేటు వస్తుంది. దాన్ని మోటారు యూనిట్లతో గుణించి, అందులో సగం మీరు ఇవ్వాలి. ఉదాహరణకు నా బిల్లు 270 యూనిట్లకు 1,890 రూపాయలు వచ్చిందనుకోండి, యూనిట్ 7 రూపాయలు పడింది. మోటారు 40 యూనిట్లు తిరిగితే 280, అందులో మీ వంతు 140. వాడకం పెరిగేకొద్దీ స్లాబు రేటు పెరుగుతుంది కాబట్టి ఒకే రేటు రాసి పెట్టుకుంటే ఎవరో ఒకరు నష్టపోతారు, అందుకే ఈ లెక్క. బిల్లూ, సబ్ మీటరు రీడింగూ రెండూ మీకు చూపించాకే డబ్బులు అడుగుతాను. ఇంటికి చుట్టాలు వచ్చారనీ, మనుషులు ఎక్కువయ్యారనీ నీళ్ల వాటా పెంచమని ఎప్పుడూ అడగను.

7.3 నెల నిర్వహణ ఖర్చు 400 రూపాయలు, అద్దెతో పాటే ఇవ్వాలి. ఇందులో మెట్ల లైటు, మెట్లూ వాకిలీ ఊడ్చే మనిషి జీతం, మున్సిపల్ కుళాయి నీటి బిల్లు, మూడు నెలలకోసారి పైట్యాంకు, సంపు కడిగించడం అన్నీ కలిసి ఉన్నాయి. ఒప్పందం గడువు అయ్యేదాకా ఈ మొత్తం పెరగదు. ఇంటి పన్ను ఎంత పెరిగినా పూర్తిగా నాదే.

గ్యాసు, ఇంటర్నెట్, టీవీ కనెక్షన్లు మీ పేరు మీద మీరే తీసుకోవాలి. కేబులు కోసం గోడకు కన్నం పెట్టించాలంటే ముందు ఒక మాట చెప్పండి. ఎక్కడ పెడితే వాన నీరు లోపలికి దిగదో నాకు తెలుసు.

7.4 మీరు చేయించుకునే మరమ్మతులు. వాడకంలో అరిగి, మార్చేసే వస్తువులు మీవి: బల్బులు, ట్యూబ్‌లైట్లు, కుళాయి వాషర్లు, షవరు జాలీ, ఫ్యాన్ రెగ్యులేటర్, ఫ్యాన్ కెపాసిటర్, కాలింగ్ బెల్, గడియలు, దోమల మెష్ చిరుగులు, సింకు దగ్గర పేరుకున్న చెత్త తీయించడం. అయితే ఒక పనికి సామానూ కూలీ కలిపి 500 రూపాయలు దాటితే, ఆ పని మొత్తం నాదే. దాటిన భాగం మాత్రమే కాదు, మొత్తం. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, కుళాయిలు త్వరగా తెల్లగా పట్టి బిగుసుకుపోతాయి. అందుకని ఒకే కుళాయికి ఏడాదిలో రెండుసార్ల కంటే ఎక్కువ వాషరు మార్చాల్సి వస్తే కుళాయే మార్చాలి, ఆ ఖర్చు నాది.

7.5 నేను చేయించే మరమ్మతులు. శ్లాబు లీకు, గోడల చెమ్మ, గోడలో ఉన్న పైపులు, వైరింగు, మీటరు బోర్డు, మోటారు (రీవైండింగుతో సహా), పైట్యాంకు, సెప్టిక్ ట్యాంకు ఎత్తించడం, ఫ్లష్ ట్యాంకు, గీజరు, తలుపులకు చెద పట్టడం, ఉబ్బిపోయిన తలుపులకు చిత్రిక పట్టించడం. హాల్లో పడమటి గోడకు దూలం కింద రెండు జానల వెడల్పు చెమ్మ మచ్చ ఇప్పటికే ఉంది. వెనక గది కిటికీ గొళ్లెం సరిగా పడదు. వంటగది సింకు కుళాయి బొట్లు బొట్లుగా కారుతోంది. ఈ మూడూ పాతవి, వీటి గురించి మిమ్మల్ని ఎన్నడూ అడగను. గొళ్లెం, కుళాయి మీరు పాలు పొంగించే లోపే బాగు చేయిస్తాను. చెమ్మ మాత్రం వానాకాలం వెళ్లాక, గోడ ఆరాక చేయించాల్సిన పని. నవంబరులో చేయిస్తాను. ఆ వారం హాలు వాడుకోవడానికి ఇబ్బంది అవుతుంది కాబట్టి ఆ నెల అద్దెలో 1,000 రూపాయలు తగ్గించి ఇవ్వండి.

7.6 చెప్పాక ఎన్నాళ్లు. నీళ్లు రాకపోయినా, కరెంటు పోయినా, లెట్రిన్ పొంగినా 24 గంటల్లో మనిషిని పంపిస్తాను. మిగతా పనులు 10 రోజుల్లో మొదలుపెడతాను. చెప్పడం అంటే వాట్సాప్‌లో ఒక ఫొటో, ఒక వాక్యం చాలు. మెట్ల మీద ఎదురుపడినప్పుడు నోటితో చెప్పింది మర్చిపోతాను, నా వయసు 67. గడువులోగా నేను చేయించకపోతే మీరే చేయించి, బిల్లు చూపించి ఆ మొత్తం అద్దెలో మినహాయించుకోండి. యజమాని చేయించాల్సిన మరమ్మతు చేయించనప్పుడు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ అద్దెకున్నవారికి ఇచ్చిన హక్కే ఇది. నేను కొత్తగా ఇస్తున్నదేమీ కాదు. అర్ధరాత్రి పైపు పగలడం లాంటిది జరిగి నేను ఊళ్లో లేకపోతే, 3,000 రూపాయల వరకు నన్ను అడగకుండానే ఖర్చు పెట్టండి.

7.7 అరుగుదల వేరు, పగలగొట్టడం వేరు. ఏళ్ల వాడకంతో పాలిష్ పోవడం, పెయింటు వెలిసిపోవడం, ఫ్యాన్ చప్పుడు చేయడం అరుగుదల. చేయి జారి బేసిన్ పగలడం, పిల్లల బంతి తగిలి కిటికీ అద్దం విరగడం మీ ఖర్చు. పగిలిన వస్తువు ఎంత పాతదో అంత తగ్గించి లెక్క కడదాం. గీజరు 2021లో కొన్నది, అది మీ వల్ల పాడైనా కొత్త గీజరు ధర మిమ్మల్ని అడగను. గోడలకు ఇప్పుడు 14 మేకులు ఉన్నాయి. ఇంకో ఆరు మీరు కొట్టుకోవచ్చు. ఇల్లు మీదే అనిపించాలంటే ఒక దేవుడి పటం, ఒక పెళ్లి ఫొటో పెట్టుకోవాలి కదా. ఖాళీ చేసేటప్పుడు పెయింటు కోసం నెల అద్దె పట్టుకునే పద్ధతి మా ఇంట్లో లేదు.

7.8 తుపాను. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన జిల్లా మనది. తిత్లీ వచ్చిన తెల్లవారుజామున మా మేడ మీద ట్యాంకు మూత ఎగిరి మూడో ఇంటి పెరట్లో పడింది. గాలికీ, వరదకూ, పిడుగుకూ ఇంటికి జరిగే నష్టం ఏదైనా నాదే, కిటికీ అద్దాలతో సహా. మీ సామాను నష్టం మీది. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు బాల్కనీ తలుపు, కిటికీలు గడియ పెట్టడం మీ బాధ్యత. మీరు ఊళ్లో లేకపోతే తాళం నాకిచ్చి వెళ్లండి, నేను వేస్తాను. కరెంటు రోజుల తరబడి రాకపోతే జనరేటరు తెప్పించి ట్యాంకు నింపే ఖర్చు చెరి సగం. ఇల్లు ఉండటానికి వీలు లేకుండా పోయినంత కాలం అద్దె లేదు.

7.9 ఖాళీ చేసే రోజు ఇద్దరం కలిసి రెండు మీటర్ల రీడింగు తీసుకుందాం. పాత ఫొటోలు పక్కన పెట్టుకుని గది గదీ చూద్దాం. మీ వంతు ఏదైనా ఉంటే ఏ వస్తువుకు ఎంతో కాగితం మీద రాసి, బిల్లు జతపరిచి, అంతే మినహాయిస్తాను. అంచనా లెక్క మీద, నోటి మాట మీద ఒక్క రూపాయి కూడా పట్టుకోను. చివరి కరెంటు బిల్లు కోసం 1,500 రూపాయలు మాత్రం ఆపి, మిగతా అడ్వాన్సు తాళం ఇచ్చిన రోజే చేతికిస్తాను. ఆ బిల్లు వచ్చిన ఏడు రోజుల్లో దాని ఫొటోతో పాటు మిగిలింది మీ ఖాతాలో వేస్తాను.