14వ మంచం: ముక్కు గొట్టం నుంచి నోటి ఆహారానికి మారే ప్రణాళిక

పునరావాస వార్డు డైటీషియన్ విభాగం రాసినది. వార్డు వైద్యులు, నర్సింగ్ సిబ్బంది, స్పీచ్ థెరపిస్టు, రోగి భార్య, కుమారుడు దీన్ని అనుసరించాలి. కేసు షీటుతో పాటు మంచం దగ్గర కూడా ఒక ప్రతి ఉంచాలి.

రోగి వయసు 62 ఏళ్లు, బరువు 58 కిలోలు. మెదడు కుడి భాగంలో రక్తప్రసారం ఆగి ఎడమ వైపు పక్షవాతం వచ్చింది. నేటికి 19 రోజులు. మధుమేహం ఉంది, ఇన్సులిన్ వాడుతున్నారు. ఆయనకు రోజుకు సుమారు 1650 కిలో క్యాలరీలు, 70 గ్రాముల ప్రొటీను, అన్ని రూపాల్లో కలిపి 1700 మి.లీ. నీరు అవసరమని లెక్క కట్టాం. ప్రస్తుతం ఇవన్నీ రైల్స్ ట్యూబ్ ద్వారానే అందుతున్నాయి: ఉదయం 6 నుంచి రాత్రి 9 వరకు మూడు గంటలకొకసారి, విడతకు 275 మి.లీ. చొప్పున ఆరు విడతలు, ప్రతి విడత తర్వాత 50 మి.లీ. నీళ్లు. ఎండోస్కోపుతో చేసిన మింగుడు పరీక్షలో మెత్తగా రుబ్బిన ఆహారం, కొద్దిగా చిక్కబరచిన ద్రవాలు సురక్షితంగా దిగుతున్నాయని, పలుచటి నీళ్లు మాత్రం దగ్గు రాకుండానే శ్వాసనాళం వైపు జారుతున్నాయని తేలింది. అందువల్ల పొలమారలేదు కదా అని మామూలు నీళ్లు, కాఫీ, పలుచటి మజ్జిగ ఇవ్వడానికి వీల్లేదు.

ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి

ఆహారం ఐడీడీఎస్ఐ అనే అంతర్జాతీయ చిక్కదనపు కొలమానంలో 4వ స్థాయిలో ఉండాలి. చెంచాను వంచితే ముద్ద మొత్తంగా జారి పడాలి, చెంచాకు జిగటగా అతుక్కోకూడదు, నీరు విడిగా ఊరకూడదు. ద్రవాలు 2వ స్థాయిలో ఉండాలి: 10 మి.లీ. సిరంజిలో పోసి పది సెకన్లు వదిలితే 4 నుంచి 8 మి.లీ. మిగలాలి. చిక్కబరిచే పొడి కలిపిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయాలి, ఎందుకంటే పాలకూ నీళ్లకూ పొడి ఒకే తీరుగా పనిచేయదు.

పప్పన్నం, పెరుగన్నం, సాంబారులో నానిన ఇడ్లీ, కోడిగుడ్డు వేసి ఉడికించిన కూర ఇవన్నీ మిక్సీలో మెత్తగా తిప్పి, జల్లెడ పట్టి ఇవ్వవచ్చు. రాగి జావ పాలతో చిక్కగా కాయాలి. చారు అన్నం వద్దు: మెతుకు ఒకచోట, నీరు ఒకచోట ఉండే ఇలాంటి ఆహారమే ఈ దశలో అన్నిటికన్నా ప్రమాదం. నోట్లో కరిగి నీరయ్యే ఐస్‌క్రీమ్, జెల్లీ కూడా ఇవ్వరాదు.

రోగి నిటారుగా కూర్చోవాలి, తిన్నాక అరగంట అలాగే ఉండాలి. ఎడమ వైపు ఉన్నవాటిని ఆయన గమనించలేకపోతున్నారు కనుక కంచం కుడి వైపున పెట్టాలి. ఎడమ బుగ్గలో ముద్ద నిలిచిపోతోంది. భోజనం అయ్యాక బుగ్గ చూసి, నోరు శుభ్రం చేసి, అలా తీసినదాన్ని తిన్నదాని లెక్కలోంచి తీసివేయాలి. ఒక భోజనానికి అరగంట మించి సమయం పడితే ఆపేయాలి, అలసిన గొంతు సరిగా మింగదు.

లెక్క ఎలా కట్టాలి

ఈ ప్రణాళిక మొత్తం రాతపూర్వక లెక్క మీద నడుస్తుంది. "ఈ రోజు బాగానే తిన్నారు" అన్న మాట ఆధారంగా ఏ విడతనూ తగ్గించరాదు. మూడు భోజనాల్లో ఒక్కొక్కటి 350 కిలో క్యాలరీలు, 15 గ్రాముల ప్రొటీను. రెండు అల్పాహారాల్లో ఒక్కొక్కటి 200 కిలో క్యాలరీలు, 8 గ్రాములు ఉండేలా వంటగది తయారు చేస్తుంది. అంటే అంతా తింటే 1450 కిలో క్యాలరీలు, 61 గ్రాములు. ఇక్కడే సాధారణంగా పొరపాటు పడతారు: ట్రేలో ముప్పాతిక తినడమంటే అవసరంలో ముప్పాతిక అందినట్టు కాదు, సుమారు 66 శాతమే అందినట్టు. అవసరంలో 75 శాతం అందాలంటే ట్రేలలో దాదాపు 85 శాతం ఖాళీ కావాలి. అది కష్టమైతే పరిమాణం పెంచకుండా నెయ్యి, పాలపొడి, గుడ్డు చేర్చి అదే గిన్నెలో బలం పెంచుతాం. ఇంటి నుంచి తెచ్చినది పెడితే ఏమిటో, ఎన్ని చెంచాలో భార్య గానీ కుమారుడు గానీ చార్టులో రాయాలి.

గొట్టపు ఆహారం తగ్గించే మెట్లు

నోటి ద్వారా అందేది రోజుకు 410 కిలో క్యాలరీల లోపు, అంటే అవసరంలో పాతిక శాతం లోపు ఉన్నంతకాలం ఆరు విడతలూ యథాతథంగా సాగుతాయి. థెరపిస్టు సమక్షంలో ఉదయం 11కి, సాయంత్రం 5కి చెంచాలతో అలవాటు చేస్తారు. వరుసగా రెండు రోజులు 410 దాటితే మధ్యాహ్నం 12, సాయంత్రం 6 గంటల విడతలు మానేయాలి, ఆ పూటలకు ముందు ఆకలి వేయాలన్నది ఉద్దేశం. వరుసగా రెండు రోజులు 825 దాటితే రాత్రి 9, ఉదయం 6 గంటల విడతలు మాత్రమే మిగులుతాయి. విడత తగ్గినా దాని వెంట ఇచ్చే నీళ్లు తగ్గవు.

వరుసగా మూడు రోజులు, ప్రతి రోజూ విడివిడిగా, 1240 కిలో క్యాలరీలు, 52 గ్రాముల ప్రొటీను నోటి ద్వారా అందినప్పుడు గొట్టపు ఆహారం పూర్తిగా ఆపాలి. మూడు రోజుల సగటు పనికిరాదు. క్యాలరీలు అంది ప్రొటీను అందకపోయినా ఆపరాదు. జావ, అన్నం ఎక్కువై పప్పు, గుడ్డు తగ్గినప్పుడు ఇలాగే జరుగుతుంది.

ఆహారం ఆపిన రోజే గొట్టం తీయవద్దు. చిక్కబరచిన ద్రవాలను రోగులు ఇష్టంగా తాగరు కాబట్టి తిండి సరిపోయినా నీరు చాలకపోవడం తరచుగా కనబడుతుంది. మరో 48 గంటలు గొట్టం ఉంచి, ఎనిమిది గంటలకొకసారి 30 మి.లీ. నీళ్లతో శుభ్రం చేస్తూ, నోటి ద్వారా ఆహారంలోని నీటితో కలిపి రోజుకు 1300 మి.లీ. అందుతోందా, మూత్రం రంగు, రక్తంలో సోడియం, క్రియాటినిన్ సరిగా ఉన్నాయా చూసి, మాత్రలన్నీ మెత్తటి ఆహారంతో మింగగలుగుతున్నారని ఖాయం చేసుకున్నాకే తీయాలి. నెమ్మదిగా మందు వదిలే మాత్రలను నూరి ఇవ్వరాదు. వాటికి బదులు ఏమి ఇవ్వాలో వైద్యులు ముందే రాయాలి.

ఇన్సులిన్

ప్రస్తుత మోతాదు స్థిరమైన 275 మి.లీ. విడతలకు సరిపడేలా రాసినది. విడత మానేసిన రోజున పాత మోతాదు అలాగే వేస్తే చక్కెర పడిపోతుంది. ప్రతి మెట్టు మారే ముందు వైద్యులు మోతాదు తిరిగి రాయాలి. భోజనానికి సంబంధించిన ఇన్సులిన్ తిన్నాక, తిన్నదాన్ని బట్టి ఇవ్వడం ఈ దశలో మేలు. చక్కెర 70 కన్నా తగ్గితే అలవాటు కొద్దీ పంచదార నీళ్లు తాగించరాదు, అవి పలుచటి ద్రవమే. గొట్టం ఉన్నంతవరకు దాని ద్వారానే ఇవ్వాలి. తీశాక చిక్కబరచిన పంచదార నీళ్లు మంచం పక్కన సిద్ధంగా ఉంచాలి. స్పృహ మందగిస్తే నోటికి ఏదీ ఇవ్వకుండా రక్తనాళం ద్వారా డెక్స్‌ట్రోజ్ ఇవ్వాలి.

వెనక్కి తగ్గాల్సిన సందర్భాలు

చివరి మెట్టుకు వచ్చాక లేదా గొట్టపు ఆహారం ఆపాక వరుసగా రెండు రోజులు 990 కిలో క్యాలరీల లోపు అందినా, వారంలో బరువు కిలో కన్నా ఎక్కువ తగ్గినా ఒక మెట్టు వెనక్కి రావాలి. బరువు సోమ, గురువారాల్లో ఉదయం చూస్తాం. తింటున్నప్పుడు గొంతు తడిగా, గురగురమని వినిపించినా, ఆక్సిజన్ మూడు శాతం పడినా, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ చేరినా, ఊపిరి నిమిషానికి 25 దాటినా నోటి ఆహారం వెంటనే ఆపి వైద్యులకు చెప్పాలి. ఆ రోజుకు ఆరు విడతలు మళ్లీ మొదలవుతాయి, థెరపిస్టు తిరిగి చూసేవరకు నోటికి ఏదీ పెట్టకూడదు. గొట్టం పెట్టి ఆరు వారాలు కావస్తున్నా 825 దాటకపోతే పొట్టలోకి నేరుగా వేసే పెగ్ గొట్టం గురించి కుటుంబంతో వైద్యులు మాట్లాడతారు.

చార్టును రోజూ సాయంత్రం 6 గంటలకు డైటీషియన్ చూసి, మర్నాటి విడతలను అదే చార్టులో రాస్తారు. సంతకం లేని మార్పును రాత్రి డ్యూటీ సిస్టర్లు అమలు చేయనక్కర్లేదు.