మన బడి కబుర్లు, సెప్టెంబర్ సంచిక: దిద్దిన ప్రతి

హెడ్ మేడం గారికి,
నమస్కారం మేడం. కబుర్ల ప్రతి పూర్తిగా చూశాను. దిద్దినది ఈ ఉత్తరం కిందే ఉంది. మీరు ఒకసారి చదివి సరే అంటే సోమవారం ఉదయం గ్రూపుల్లో పెట్టేయొచ్చు, డైరీల్లో పెట్టే కాపీలు కూడా తీయించవచ్చు. ఆఫీసులో టైప్ చేసిన అబ్బాయిని మాత్రం ఏమీ అనకండి. ఒక్కో టీచరు వాట్సాప్‌లో పంపినదాన్ని వచ్చింది వచ్చినట్టు అతికించాడు. అందుకే పేరాకో రాత, పేజీకో తీరు.

ముందు తేదీల సంగతి. మ్యూజియం యాత్ర మొదటి పేజీలో 18 గురువారం అని, వెనక పేజీలో 19 శుక్రవారం అని ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. సోషల్ సార్‌కు ఫోన్ చేస్తే 18 అన్నారు, రెండు చోట్లా అదే పెట్టాను. డబ్బులు ఒకచోట 150, ఇంకోచోట 1500. సరైనది 150. ఆ సున్నా అలాగే వెళ్లి ఉంటే సోమవారం పొద్దున్నే ఆఫీసు ముందు లైను కట్టేవారు. టీచర్స్ డే 5న అని ఉంది. ఆ రోజు మిలాద్ సెలవు, మనం 4కు మార్చుకున్నాం కదా, అలాగే దిద్దాను.

ఇక అక్షరాలు. వత్తు ఉండాల్సిన చోట లేదు, అక్కర్లేని చోట ఉంది, థ ఉండాల్సిన చోట ధ పడింది: విద్యార్ధులు, ఉపాద్యాయులు, అభినంధనలు. ఇవి కంటికి గుచ్చుకుంటాయి గానీ అర్థమైపోతాయి. అర్థమే మారిపోయినవి వేరే ఉన్నాయి. ‘మీ పిల్లల భద్రత మా భాద’ అని పడింది. బాధ్యత అని రాయబోయారు. ఆ వత్తు సరిచేసినా అది బాధే అవుతుంది. ‘చిత్రకల పోటీ’ని చిత్రకళ చేశాను, ‘ఉదయం వేల’ను వేళ చేశాను. తల్లిదండ్రులు ఒకే పేజీలో తల్లితండ్రులు, పేరెంట్స్, సంరక్షకులు అని మూడు రకాలుగా కనబడ్డారు. అంతటా తల్లిదండ్రులే ఉంచాను. అమ్మమ్మ, తాతయ్యల దగ్గరుండి చదువుకునే పిల్లలున్నారు కాబట్టి సమావేశం పేరాలో ఒక్కచోట ‘ఇంటి పెద్దలు’ అన్నాను.

శీర్షికలు చూస్తే నవ్వొచ్చింది. ఒకటి ‘ముఖ్య గమనిక!!!’, ఒకటి ‘టాపిక్: డెంగ్యూ’, ఒకటి ‘3) పీటీఎం’ (1, 2 ఎక్కడా లేవు), బతుకమ్మకైతే అసలు శీర్షికే లేదు. అంకెలు, ఆశ్చర్యార్థకాలు తీసేసి, లోపల ఏముందో చెప్పే రెండు మూడు మాటలు పెట్టాను.

పీఈటీ సార్ పేరా ముట్టుకోలేదు. ఆయన మాట్లాడినట్టే రాశారు, అందులో తప్పేమీ లేదు. భాషా దినోత్సవం జరుపుకునే నెలలో ఆ పేరాను పుస్తక భాషలోకి మార్చడం నాకు నచ్చలేదు.

ఒకటి మాత్రం మిమ్మల్ని అడక్కుండానే తీసేశాను. ఎఫ్‌ఏ-1లో మార్కులు తక్కువ వచ్చిన పిల్లల పేర్లు, సెక్షన్లతో సహా. అందరి ఇళ్లకూ వెళ్లే కాగితంలో అవి వద్దు మేడం. 13న సమావేశంలో ఎవరి పిల్లల సంగతి వాళ్లకు చెబుదాం.

మీ మాటలో శుభాకాంక్షలు మూడుసార్లు ఉంటే ఒక్కసారికి తగ్గించాను. పొడవు కోసమే, మరోలా అనుకోకండి.

ఇట్లు,
తెలుగు టీచరు
ఆదివారం, 31 ఆగస్టు 2025

---

మన బడి కబుర్లు
సెప్టెంబర్ 2025 | మెహదీపట్నం, హైదరాబాద్

హెడ్ మేడం మాట

తల్లిదండ్రులకు నమస్కారం. ఈ నెలలో బడి నడిచే రోజులు తక్కువ, పనులు ఎక్కువ. నెల మొదట్లోనే వరుస సెలవులు, 21 నుంచి దసరా సెలవులు. సెలవులు అయ్యాక ఎస్‌ఏ-1 పరీక్షలకు ఎక్కువ సమయం ఉండదు. అందుకని ఊళ్లకు వెళ్లేవారు టికెట్లు 20 తర్వాతకే తీసుకోండి. ముందే వెళ్లిపోతే పిల్లలకు పోయే పాఠాలు మళ్లీ చెప్పడానికి టీచర్లకు వీలుండదు. మీ పిల్లల భద్రత మా బాధ్యత. వాన రోజుల్లో ఇందుకు మీ సాయం కూడా కావాలి, వివరాలు కింద ఉన్నాయి. అందరికీ బతుకమ్మ, దసరా శుభాకాంక్షలు.

ఈ నెల తేదీలు

4 గురువారం: టీచర్స్ డే వేడుక
5 శుక్రవారం: మిలాద్-ఉన్-నబీ, సెలవు
6 శనివారం: గణేశ్ నిమజ్జనం, సెలవు
9 మంగళవారం: తెలంగాణ భాషా దినోత్సవం
13 శనివారం: తల్లిదండ్రుల సమావేశం (రెండో శనివారం, పిల్లలకు సెలవు)
18 గురువారం: సాలార్‌జంగ్ మ్యూజియం యాత్ర, 6, 7 తరగతులు
20 శనివారం: బడిలో బతుకమ్మ, చిత్రకళ పోటీ
21 ఆదివారం నుంచి అక్టోబర్ 3 శుక్రవారం వరకు: దసరా సెలవులు
అక్టోబర్ 4 శనివారం: బడి మళ్లీ మొదలు

టీచర్స్ డే

సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజు సెప్టెంబర్ 5. ఈసారి ఆ రోజు సెలవు వచ్చింది కాబట్టి వేడుక 4నే జరుపుకుంటున్నాం. పదో తరగతి పిల్లలు చిన్న తరగతులకు మధ్యాహ్నం వరకు పాఠాలు చెబుతారు. చీరలు, పంచెలు ఇంట్లో ఉన్నవే చాలు, కొత్తవి కొనకండి. టీచర్లకు బహుమతులు కూడా పంపొద్దని మనవి. పిల్లలు చేత్తో రాసిన కార్డు ఇస్తే మాకు సంతోషం.

తెలంగాణ భాషా దినోత్సవం

ప్రజాకవి కాళోజీ నారాయణరావు 1914 సెప్టెంబర్ 9న పుట్టారు. ఆయన పుట్టినరోజునే తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. జనం మాట్లాడే భాషలోనే కవిత్వం రాసిన మనిషి కాబట్టి ఆ రోజు ఉపన్యాసాలు పెట్టుకోవడం లేదు. ప్రతి పిల్లా, పిల్లాడు ఇంట్లో అవ్వనో, తాతనో అడిగి ఒక సామెత, ఒక పొడుపు కథ, ఈ మధ్య వాడుకలో తగ్గిపోయిన ఒక వంటింటి వస్తువు పేరు రాసుకుని రావాలి. ఇంట్లో ఉర్దూ, హిందీ, మరాఠీ మాట్లాడేవారు తమ భాషలో సామెత తేవచ్చు, దాని భావం తెలుగులో చెబితే చాలు. అన్నీ కలిపి కారిడార్ గోడ మీద అతికిస్తాం.

తల్లిదండ్రుల సమావేశం

13 శనివారం ఉదయం 9 నుంచి 12:30 వరకు. 1 నుంచి 5 తరగతుల వారు 9 గంటలకు, 6 నుంచి 10 తరగతుల వారు 10:45కు రండి. తల్లిదండ్రులు రాలేకపోతే ఇంటి పెద్దలు ఎవరైనా రావచ్చు. ఎఫ్‌ఏ-1 జవాబు పత్రాలు చూపిస్తాం. మార్కుల కన్నా పిల్లలు ఎక్కడ పొరపడుతున్నారో చూడండి. లెక్కల్లో చాలామందికి పద్ధతి వచ్చు, ప్రశ్న చదవడంలోనే తొందరపడుతున్నారు. బడి సందులో కార్లు నిలపడానికి చోటు లేదు. వీలైతే బండి మీదో, ఆటోలోనో రండి.

సాలార్‌జంగ్ మ్యూజియం యాత్ర

18 గురువారం 6, 7 తరగతుల పిల్లలను సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్తున్నాం. బస్సు ఉదయం 9:15కు బయలుదేరి 2:30కు తిరిగి వస్తుంది. ఒక్కొక్కరికి 150 రూపాయలు, 12వ తేదీలోగా క్లాస్ టీచరుకు ఇవ్వండి. డైరీలో అంగీకార సంతకం లేకుండా ఎవరినీ బస్సు ఎక్కించం.

మ్యూజియం 1951లో దివాన్ దేవిడీలో మొదలైంది, మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి 1968లో మారింది. అక్కడున్న వాటిలో కొద్దిగానే చూపించాలని సోషల్ సార్ నిర్ణయం. అన్నీ చూపించబోతే పిల్లలకు కాళ్ల నొప్పులు తప్ప ఏమీ మిగలవు. ఇటలీ శిల్పి బెంజోనీ పాలరాతిలో చెక్కిన ముసుగు రెబెక్కా దగ్గర బొమ్మ గీసుకోవడానికి కొంచెం సేపు ఇస్తాం. ముసుగు, దాని వెనక ముఖం రెండూ ఒకే రాతిలో ఎలా కనబడుతున్నాయో దగ్గరగా చూస్తే ఆశ్చర్యమేస్తుంది. గంట కొట్టే గడియారం ముందు కూడా కూర్చుంటారు. ప్రతి గంటకూ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది, అందుకని 12 గంటల వేళకు అక్కడికి చేరేలా చూసుకున్నాం.

నోటుపుస్తకం, పెన్సిల్, నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా పంపండి. ఫోన్లు, చేతిలో డబ్బులు వద్దు.

బడిలో బతుకమ్మ

21న ఎంగిలిపూల బతుకమ్మ. ఆ రోజుకు సెలవులు మొదలవుతాయి కాబట్టి ఒకరోజు ముందే, 20న బడిలో ఆడుకుంటాం. తంగేడు, గునుగు, బంతి, చామంతి ఏవి దొరికితే అవి గుప్పెడు పంపండి. గుడిమల్కాపూర్ మార్కెట్ దగ్గరే ఉంది గానీ పండుగ ముందు ధరలు ఎక్కువ, అందరూ కొనాల్సిన పని లేదు. ప్లాస్టిక్ పూలు, రంగు చల్లిన పూలు వద్దు. గునుగుకు రంగు అద్దడం మేమే పిల్లలతో చేయిస్తాం. ఆ మధ్యాహ్నమే చిత్రకళ పోటీ, అంశం ‘మా వాడ పండుగ’. కాగితం బడి ఇస్తుంది, రంగులు ఇంటి నుంచి తెచ్చుకోవాలి.

వానలు, బడి వ్యాన్లు

వాన గట్టిగా పడితే టోలిచౌకి వైపు, మెహదీపట్నం చౌరస్తా దగ్గర ట్రాఫిక్ ఆగిపోతుంది. వ్యాన్ అరగంట దాటి ఆలస్యమైతే ఆఫీసు నుంచి తరగతి గ్రూపులో కబురు పెడతాం. అంతవరకు డ్రైవర్‌కు ఫోన్ చేయకండి, ఆయన బండి నడుపుతుంటాడు. నడిచి వచ్చే పిల్లలను నీళ్లు నిలిచిన రోడ్డు మీద ఒంటరిగా పంపకండి. కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో కనబడదు. అలాంటి రోజు ఆలస్యంగా వచ్చినా, రాకపోయినా హాజరు గురించి అడగం.

డెంగ్యూ జాగ్రత్తలు

డెంగ్యూ దోమ పగలే కుడుతుంది, నిలవ ఉన్న మంచి నీళ్లలో పెరుగుతుంది. కూలర్, పూలకుండీల కింది పళ్లేలు, మేడ మీది పాత టైర్లు, కొబ్బరి చిప్పలు వారానికి ఒకసారి ఖాళీ చేసి ఆరబెట్టండి. బడిలో ఈ పని ప్రతి శుక్రవారం చేస్తున్నాం. వానలు తగ్గేదాకా పిల్లలు యూనిఫాం బదులు పొడుగు ప్యాంటు, పూర్తి చేతుల చొక్కా వేసుకుని వచ్చినా ఫర్వాలేదు. జ్వరం ఉంటే బడికి పంపకండి. డాక్టర్‌ను అడగకుండా నొప్పి మాత్రలు వేయకండి, డెంగ్యూలో కొన్ని మాత్రలతో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది.

ఆటల సంగతి

పోయిన నెల ఖోఖోల మన పిల్లలు మస్తుగ ఆడిండ్రు. ఏడో తరగతి ఆడపిల్లలైతే ఉరుకుడు జూస్తే నాకే దమ్మొచ్చింది. అందరికి అభినందనలు. గ్రౌండు తడిగ ఉంది, చెప్పులేసుకొని వస్తే జారి పడ్తరు. షూస్ వేసి పంపుండ్రి. పొద్దుగాల ప్రాక్టీసుకొచ్చేటోళ్లు ఏమన్న తిని రావాలె, ఖాళీ కడుపుతోని ఉరికిస్తలేను.
పీఈటీ సార్

దొరికిన వస్తువులు

ఆఫీసులో నీళ్ల సీసాలు, టిఫిన్ డబ్బా మూతలు, రెయిన్‌కోట్లు, ఒక కుడికాలి షూ ఉన్నాయి. వేటి మీదా పేరు లేదు. 13న వచ్చినప్పుడు చూసుకుని తీసుకెళ్లండి. ఇకమీద పంపేవాటి మీద పేరు, తరగతి రాయండి. దసరా సెలవుల లోపు ఎవరూ అడగని రెయిన్‌కోట్లను ఉతికించి, అవసరమున్న పిల్లలకు ఇస్తాం.

ఆఫీసు వేళలు: పనిరోజుల్లో ఉదయం 8:30 నుంచి సాయంత్రం 4 వరకు.