మా బడి పేరు స్క్రీన్ మీద

మా బడికి వెబ్‌సైట్ చేద్దామని మొదటి శనివారం టీచర్ పాత లాప్‌టాప్ తెచ్చి మా బడి పేరు మాతోనే టైప్ చేయించారు, బ్రౌజర్‌లో తెరిస్తే తెలుగు బదులు ఏవో పిచ్చి గుర్తులు వచ్చాయి, అందరం డీలా పడిపోయాం. టీచర్‌కీ వెబ్‌సైట్ చేయడం అదే మొదటిసారి. రాత్రంతా వెతికి ఆదివారం పొద్దున్నే వచ్చి ఈ ఒక్క లైన్ పెట్టించారు:

```html
<meta charset="utf-8">
```

అంతే, అక్షరాలు చక్కగా వచ్చేశాయి! తర్వాతి వారం ఫొటోలు పెట్టాం, లాప్‌టాప్‌లో కనిపించినవి సర్వర్‌లోకి ఎక్కించాక మాయం, చూస్తే ఫైల్ పేరు Badi.jpg, కోడ్‌లో badi.jpg, ఆ సర్వర్‌కి పెద్ద బి వేరు, చిన్న బి వేరు. పిల్లల ఫోన్ నంబర్లు మాత్రం వద్దన్నారు టీచర్, అది నాకు చాలా నచ్చింది. నాలుగో ఆదివారం తన ఫోన్‌లో అడ్రస్ కొట్టారు, పేజీ తెరుచుకుంది, చిన్న క్లాస్ పాప ఒకతి కూడబలుక్కుని మా బడి పేరు గట్టిగా చదివింది.