పోయింది ర్యామ్ స్టిక్కా, స్లాటా? ఒక్కొక్కటే పెట్టి తేల్చుకునే పద్ధతి

మీ కంప్యూటర్లో 8 జీబీ డీడీఆర్4 స్టిక్‌లు రెండున్నా విండోస్ 8 జీబీ మాత్రమే చూపిస్తోందని, మధ్యమధ్యలో నీలం తెర వచ్చి రీస్టార్ట్ అవుతోందని రాశారు. కొత్త ర్యామ్ అప్పుడే కొనకండి. స్టిక్ పోయినా, అది కూర్చున్న స్లాట్ పోయినా పైకి కనబడేది ఇదే. స్లాట్ పాడైన చోట కొత్త స్టిక్ పెడితే అదీ పని చేయదు, డబ్బు మాత్రం పోతుంది.

ముందు స్టిక్‌లకు 1, 2 అని చిన్న కాగితం అంటించండి. అచ్చం ఒకేలా ఉంటాయి కాబట్టి రెండుసార్లు మార్చాక ఏది ఏదో గుర్తుండదు. మీ బోర్డులో నాలుగు స్లాట్లున్నాయి. సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి A1, A2, B1, B2 వరసలో ఉంటాయి. బోర్డు మీద అచ్చయిన పేర్లనే నమ్మండి.

బయాస్‌లోకి వెళ్లి సెట్టింగులన్నీ డీఫాల్ట్‌కు తెచ్చి, ర్యామ్‌ను పెంచిన వేగంలో నడిపే XMP సెట్టింగ్ ఆపేయండి. ఇది వదిలేయొద్దు. XMP వేగంలో బాగున్న స్టిక్ కూడా ఒక్కోసారి తప్పులు చూపిస్తుంది, నింద స్టిక్ మీద పడుతుంది. తర్వాత కరెంటు వైరు తీసేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. స్టిక్‌ను ముట్టుకునే ముందు క్యాబినెట్ లోహాన్ని ఒకసారి తాకండి.

ఇప్పుడు స్టిక్ 1 ఒక్కటే A2లో పెట్టండి. గాడి సరిగ్గా కుదిరిందో లేదో చూసి, రెండు చివర్లా బొటనవేళ్లతో క్లిప్పు టక్కున పడేదాకా నొక్కాలి. చాలా బోర్డుల్లో క్లిప్పు ఒకవైపే ఉంటుంది, రెండో చివర సగం పైకి లేచి ఉండటం అక్కడే జరుగుతుంది. "స్లాట్ చచ్చిపోయింది" అని తేల్చేసిన కేసుల్లో కొన్ని నిజానికి ఇంతే. స్టిక్ పెట్టే ముందే దాని బంగారు రంగు అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన బట్టతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. స్లాట్‌లోకి లోహపు వస్తువేదీ పోనివ్వకండి.

ఆన్ చేశాక, ర్యామ్‌ను పరీక్షించే Memtest86+ ఎక్కించిన పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, కనీసం ఒక పాస్ పూర్తయ్యేదాకా వదిలేయండి. వీలైతే రాత్రంతా నడవనివ్వండి. ఒక్క ఎర్రర్ వచ్చినా అది ఫెయిలే. తర్వాత ఆపి, అదే A2లో స్టిక్ 2 పెట్టి మళ్లీ అదే పరీక్ష. ఒకసారికి ఒక్కటే మారాలి: స్లాట్ మారితే స్టిక్ మారకూడదు, స్టిక్ మారితే స్లాట్ మారకూడదు. ప్రతి ఫలితం కాగితం మీద రాయండి.

స్టిక్ 1 పాసై, స్టిక్ 2 ఫెయిలైందనుకుందాం. అంతటితో స్టిక్ 2ను దోషిని చేయకండి, దాన్ని B2లో పెట్టి చూడండి. అక్కడా ఫెయిలై, అదే B2లో స్టిక్ 1 బాగా నడిస్తే దోషం స్టిక్‌దే. B2లో స్టిక్ 2 పాసైతే, మళ్లీ A2కు తెచ్చి పరీక్షించండి. ఈసారి పాసైతే మొదట సరిగ్గా కూర్చోలేదన్నమాట.

రెండూ A2లో ఫెయిలై, రెండూ B2లో పాసైతే తప్పు A2ది. రెండూ A2లో పాసైతే, బాగున్న ఆ స్టిక్‌లలో ఒకదాన్ని మిగతా స్లాట్లలో ఒక్కొక్కదానిలో తిప్పండి. ఇక్కడొక జాగ్రత్త: ఒంటరి స్టిక్ A1లో ఉంటే కొన్ని బోర్డులు బూట్ కావు. దాన్ని చచ్చిన స్లాట్‌గా లెక్కేసే ముందు బోర్డు మాన్యువల్ చూడండి.

విండోస్‌లో ఏ స్లాట్‌లో ఏముందో చూడాలంటే పవర్‌షెల్‌లో ఇది కొట్టండి:

```
Get-CimInstance Win32_PhysicalMemory | Select-Object DeviceLocator, Capacity
```

B1, B2 రెండూ పని చేయకపోతే నా అనుమానం స్లాట్ల మీదకు పోదు. ఆ రెండూ ఒకే ఛానల్, దాని దారులు ప్రాసెసర్ లోపలి మెమరీ కంట్రోలర్‌కు చేరతాయి. ఇంటెల్ ఎల్‌జీఏ బోర్డయితే సాకెట్‌లో వంగిన పిన్ను ఉందేమో చూడాలి. ప్రాసెసర్ మీది హీట్‌సింక్ ఒక మూల మరీ బిగుసుకుపోయినా ఒక ఛానల్ కనబడకుండా పోవచ్చు. స్క్రూలు వదులు చేసి, ఎదురెదురు మూలలు సమంగా బిగించి మళ్లీ చూడండి.

విడివిడిగా అన్నీ పాసై, జంటగా పెడితేనే తప్పులొస్తున్నాయంటే స్టిక్‌లు వేర్వేరు కిట్లవేమో, మెమరీ వేగం ఎక్కువైందేమో చూసుకోవాలి.

పోయింది A2 ఒక్కటే అని తేలితే బోర్డు వెంటనే మార్చక్కర్లేదు. స్టిక్‌లను A1, B1లో పెడితే బోర్డు బూట్ అయినంత వరకు డ్యుయల్ ఛానల్‌లోనే నడపొచ్చు. XMP వేగం నిలవకపోతే తగ్గించుకోండి. స్టిక్ పోయి, రెండూ ఒకే కిట్‌గా కొన్నవైతే వారంటీలో చాలాసార్లు జంటనంతా పంపమని అడుగుతారు, రెండోది బాగుందని విడిగా ఎవరికీ ఇచ్చేయకండి.